కల, కళ: మాట పదమూడు అంకెలయ్యే దారి

‘కల’ అనండి. వెంటనే ‘కళ’ అనండి. రెండుసార్లూ పెదవులు ఒకేలా ఉన్నాయి, గొంతు ఒకేలా మోగింది. మారిందల్లా నాలుక కొస. మొదటి మాటలో అది పై పళ్ల వెనక చిగుళ్లను తాకింది, రెండో మాటలో వెనక్కి మడతపడి అంగిలిని తాకింది. ఆ కాస్త కదలికతోనే వినేవారి మనసులో అర్థం పూర్తిగా మారిపోయింది.

ఫోన్‌తో తెలుగులో మాట్లాడేవారు ఇప్పుడు చాలామంది. ఫోన్‌కి చేరేది మాత్రం నాలుక కదలిక కాదు. మైకు ముందు గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, దాన్ని సెకనుకు 16,000 సార్లు కొలిచి రాసుకున్న అంకెల వరస అది. ‘కళ’ అనడానికి అర సెకను పట్టిందనుకుంటే 8,000 అంకెలు. వాటిలో ఏ అంకెనూ చూపించి ఇదే ‘ళ’ అనలేం. అదే మనిషి అదే మాటను మరోసారి అంటే ఒక్క అంకె కూడా మునుపటి స్థానంలో ఉండదు. మాటను గుర్తుపట్టే యంత్రానికి ఈ వరసను ఉన్నదున్నట్టు ఇవ్వడం కన్నా, ముందు దాన్ని వడపోసి ‘నోరు ఈ క్షణాన ఏ ఆకారంలో ఉంది’ అన్న సంగతి మాత్రం మిగల్చడం మేలని ఇంజినీర్లు చాలాకాలం క్రితమే గ్రహించారు.

ఆ వడపోతలో ఎక్కువగా వాడిన పద్ధతి పేరు మెల్ ఫ్రీక్వెన్సీ కెప్‌స్ట్రల్ కోఎఫిషెంట్స్, పొట్టిగా ఎంఎఫ్‌సీసీ. 1980లో స్టీవెన్ డేవిస్, పాల్ మెర్మెల్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు మాటను అంకెల్లో చెప్పే రకరకాల పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చి ఒక వ్యాసం ప్రచురించారు. ఒక్క అక్షరాంశం ఉన్న పొట్టి మాటలను ఇద్దరు మనుషుల గొంతుల్లో పరీక్షించారు. 6.4 మిల్లీసెకన్లకోసారి తీసిన 10 ఎంఎఫ్‌సీసీ అంకెలు అన్నిటికన్నా బాగా పనిచేశాయి. ఒకరి గొంతులో 96.5 శాతం, మరొకరి గొంతులో 95 శాతం మాటలు సరిగ్గా దొరికాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు మాటల గుర్తింపు రంగం దాదాపుగా ఈ అంకెల మీదే నడిచింది.

ఇందులో అయిదు మెట్లున్నాయి. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి వదిలేస్తాం. ఏది వదిలేస్తున్నామో తెలిస్తేనే ఈ పద్ధతి అర్థమైనట్టు. అందుకే ‘ల’, ‘ళ’ల తేడాను వెంటబెట్టుకుని, అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోయే ప్రమాదముందో చూస్తూ ఒక్కో మెట్టూ దిగుదాం.

గొంతు ఒకటి, నోరు ఒకటి

ముందు మాట ఎలా పుడుతుందో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. మగవారి గొంతులో స్వరతంత్రులు సెకనుకు 125 సార్లు కొట్టుకుంటున్నాయనుకుందాం. అప్పుడు గొంతులోంచి 125 హెర్ట్జ్ ధ్వని ఒక్కటే రాదు. దాని గుణిజాలైన 250, 375, 500, ఇలా కొన్ని వేల హెర్ట్జ్ దాకా అన్నీ వస్తాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. గ్రాఫు గీస్తే సమదూరంలో నిలబడ్డ దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. మనిషి శ్రుతి పెంచితే పళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

ఈ ధ్వని నోట్లోంచి బయటికి వచ్చేటప్పుడు నోటి ఆకారాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాల దగ్గర బలపడుతుంది, కొన్నిచోట్ల నీరసిస్తుంది. బలపడే చోట్లను ఫార్మెంట్లంటారు. మగగొంతులో ‘ఆ’కు మొదటి ఫార్మెంట్ సుమారు 700 హెర్ట్జ్ దగ్గర, రెండోది 1,200 దగ్గర, మూడోది 2,500 దగ్గర ఉంటాయి. ‘ఈ’ అనగానే మొదటిది 300 దాకా దిగిపోతుంది, రెండోది 2,200 దాకా ఎగబాకుతుంది. అంటే దువ్వెన పళ్ల ఎడం ఎవరు ఏ శ్రుతిలో మాట్లాడుతున్నారో చెబుతుంది. ఆ పళ్ల కొసలను కలుపుతూ గీసిన వంపు ఏ అక్షరం పలికారో చెబుతుంది. మనకు కావలసింది వంపు.

‘ళ’ సంగతి ఇక్కడే ఉంది. నాలుక కొస వెనక్కి మడతపడినప్పుడు మూడో ఫార్మెంట్ కిందికి దిగుతుంది. ట, డ, ణ, ళ అన్నిటికీ ఉన్న లక్షణమిది. ‘కళ’ అంటున్నప్పుడు ముందున్న ‘అ’ చివర్లోనే, నాలుక ఇంకా అంగిలిని తాకకముందే, ఆ దిగడం మొదలవుతుంది. 2,500 దగ్గరున్నది 2,000 దాకా జారిందనుకుందాం. ‘కల’లో ఇంత జారుడు ఉండదు. ఆ 500 హెర్ట్జ్ జారుడును చివరిదాకా కాపాడుకోవాలి. అదే మన పని.

మొదటి మెట్టు: ప్రీ-ఎంఫసిస్

ఆ పనికి మొదటి అడ్డంకి గొంతే. గొంతుతో పలికే ధ్వనుల్లో పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ బలం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే తరంగం ఎత్తు సగమవుతుంది. కింది హార్మోనిక్స్ గట్టిగా ఉంటాయి, మూడో ఫార్మెంట్ దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోతాయి. మనకు కావలసిన ఆనవాలు సరిగ్గా ఆ పలచని చోటే ఉంది.

దీనికి మందు ఒక్క తీసివేత:

```
y[n] = x[n] - 0.97 * x[n-1]
```

ప్రతి అంకెలోంచి దాని ముందు అంకెలో 97 శాతాన్ని తీసేస్తాం. వరసగా 1000, 1010 అనే అంకెలు వచ్చాయనుకోండి. నెమ్మదిగా మారుతున్న తరంగమిది. 1010లోంచి 970 తీస్తే 40 మిగిలింది. 1000 తర్వాత మైనస్ 800 వచ్చిందనుకోండి. వేగంగా ఊగుతున్న తరంగం. మైనస్ 800లోంచి 970 తీస్తే మైనస్ 1770. నెమ్మదిగా మారేది అణిగింది, వేగంగా మారేది పెరిగింది.

లెక్క కడితే 125 హెర్ట్జ్ దగ్గర తరంగం ఎత్తు 0.057 వంతుకు తగ్గుతుంది, 2,500 దగ్గర 0.93 వంతు నిలుస్తుంది. మునుపటితో పోలిస్తే మూడో ఫార్మెంట్‌కు గొంతు మొదటి హార్మోనిక్ కన్నా 16 రెట్లు ఎక్కువ ఊతం దొరికినట్టు. కరెంటు లైనునుంచి రికార్డింగులో దూరే 50 హెర్ట్జ్ మోత కూడా దీంతోనే బాగా అణుగుతుంది. అది అదనపు లాభం.

రెండో మెట్టు: ఫ్రేములు

మాట నిరంతరం మారుతూనే ఉంటుంది. మొత్తం ‘కళ’ను ఒకేసారి విశ్లేషిస్తే క, అ, ళ అన్నీ కలగలిసిపోతాయి. కాబట్టి చిన్న ముక్కలుగా కోయాలి. ఎంత చిన్నవి అన్నదే ప్రశ్న.

నాలుక, పెదవులు, దవడ బరువున్న అవయవాలు. 20 నుంచి 30 మిల్లీసెకన్లలో అవి పెద్దగా కదలలేవు. ఆ లోపు నోరు దాదాపు స్థిరంగా ఉందనుకోవచ్చు. ఇంకా చిన్నగా కోస్తే వేరే చిక్కు వస్తుంది. 125 హెర్ట్జ్ గొంతు ఒకసారి కొట్టుకోవడానికి 8 మిల్లీసెకన్లు పడుతుంది. 5 మిల్లీసెకన్ల ముక్కలో ఒక్క కంపనం కూడా పూర్తిగా పట్టదు. అందుకే 25 మిల్లీసెకన్లు ఆనవాయితీ అయింది. అందులో మూడు కంపనాలు పడతాయి. అంకెల్లో చెప్పాలంటే 400 శాంపిళ్లు. ఒక్కో ఫ్రేముకు 10 మిల్లీసెకన్లు, అంటే 160 శాంపిళ్లు ముందుకు జరుగుతాం. ఒక సెకను మాటలో ఇలా 98 పూర్తి ఫ్రేములు వస్తాయి. పక్కపక్క ఫ్రేములు సగానికి పైగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

కోయడంలో ఒక ప్రమాదముంది. తరంగం మధ్యలో కత్తిరిస్తే రెండు చివర్లా నిలువుగా తెగిన అంచులు మిగులుతాయి. విశ్లేషణ యంత్రానికి ఆ అంచు ఒక గట్టి టప్పుమనే శబ్దంలా కనిపిస్తుంది. గొంతులో లేని పౌనఃపున్యాలన్నీ ఫలితంలో పరుచుకుంటాయి. పలచని మూడో ఫార్మెంట్ ఆ చెత్తలో మునిగిపోగలదు. కాబట్టి ప్రతి ఫ్రేమును హామింగ్ విండో అనే గంట ఆకారపు వక్రంతో గుణిస్తారు. మధ్యలో విలువలు ఉన్నవి ఉన్నట్టుంటాయి, చివర్లో 0.08 వంతుకు దిగిపోతాయి. ఒక ఫ్రేములో అంచున పడి అణిగిన భాగం తర్వాతి ఫ్రేముల్లో మధ్యకు వస్తుంది కాబట్టి ఏదీ పూర్తిగా పోదు. ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటానికి కారణమిదే.

ఈ 25 మిల్లీసెకన్ల ఒప్పందానికీ ఒక ఖరీదుంది. ‘ట’, ‘త’ లాంటి హల్లుల్లో నాలుక విడివడినప్పుడు వచ్చే చిటుకు కొద్ది మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. అది ఫ్రేములో ఓ మూలన పడి, పక్కనున్న నిశ్శబ్దంతోనూ అచ్చుతోనూ కలిసి సగటైపోతుంది. అచ్చులకు నప్పిన కొలత స్పర్శాక్షరాలకు పూర్తిగా నప్పదు.

ఇక ఫ్రేములో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో తీయాలి. 400 శాంపిళ్లకు సున్నాలు చేర్చి 512 చేసి, ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్క నడిపిస్తే 0 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా 31.25 హెర్ట్జ్‌కొకటి చొప్పున 257 విలువలు వస్తాయి. వాటి వర్గం తీస్తే శక్తి. మన 125 హెర్ట్జ్ గొంతులో ప్రతి నాలుగో గడి దగ్గర ఒక శిఖరం నిలబడుతుంది. హార్మోనిక్స్ ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి, వాటి పైన వంపు కూడా.

మూడో మెట్టు: మెల్ ఫిల్టర్లు

257 విలువలు అవసరానికి మించినవి. పైగా వాటిలో శ్రుతి గట్టిగా కనిపిస్తోంది. వీటిని గుంపులుగా కలిపేయాలి. ఎలా కలపాలన్నదానికి మన చెవే మార్గం చూపింది.

1937లో స్టీవెన్స్, వోల్క్‌మన్, న్యూమన్ అనే శాస్త్రవేత్తలు శ్రోతలకు రకరకాల స్వరాలు వినిపించి, ఏ స్వరం ఎంత ఎత్తులో ఉన్నట్టు తోస్తోందో అడిగి, ఆ జవాబుల నుంచి మెల్ అనే కొలమానం తయారుచేశారు. 1,000 హెర్ట్జ్ దగ్గర 1,000 మెల్స్ అని పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఇంజినీర్లు ఎక్కువగా వాడిన సూత్రమిది:

```
mel = 2595 * log10(1 + f/700)
```

దీని ప్రకారం 100 నుంచి 200 హెర్ట్జ్‌కి వెళ్తే 133 మెల్స్ తేడా. 5,000 నుంచి 5,100కి వెళ్తే సుమారు 20 మాత్రమే. రెండుచోట్లా పెరిగింది వంద హెర్ట్జే, చెవికి మాత్రం కింది వందే చాలా పెద్దది.

0 నుంచి 8,000 హెర్ట్జ్ అంటే 2,840 మెల్స్. ఈ దూరాన్ని సమాన భాగాలు చేసి 26 త్రికోణాలు నిలబెడతారు. ఒక్కో త్రికోణం పక్కదానితో సగం కలిసిపోయి ఉంటుంది. మెల్స్‌లో అన్నీ సమానమే, హెర్ట్జ్‌లో కాదు. మొదటిది 0 నుంచి 144 హెర్ట్జ్ వరకే. చివరిది 6,520 నుంచి 8,000 దాకా, మొదటిదానికి పది రెట్ల వెడల్పు. 1,000 హెర్ట్జ్ లోపలే తొమ్మిది త్రికోణాల శిఖరాలున్నాయి. ఒక్కో త్రికోణం కింద పడ్డ శక్తిని దాని ఎత్తును బట్టి తూచి కూడితే ఫ్రేముకు 26 అంకెలు మిగులుతాయి.

మన ‘ళ’ ఏమైంది? 14వ త్రికోణం శిఖరం 1,886 హెర్ట్జ్ దగ్గర, 15వది 2,139 దగ్గర, 16వది 2,417 దగ్గర, 17వది 2,721 దగ్గర ఉన్నాయి. 2,500 దగ్గరున్న మూడో ఫార్మెంట్ 16వ త్రికోణంలో ఎక్కువగా పడుతుంది. 2,000కి జారితే 14, 15 త్రికోణాల మధ్యకు వస్తుంది. తేడా నిలిచింది, కానీ ఒకటి రెండు గడుల కదలికగా మాత్రమే నిలిచింది. ఇదే 500 హెర్ట్జ్ జారుడు 6,500 పైన జరిగి ఉంటే ఒక్క త్రికోణంలోనే కలిసిపోయేది. ఎక్కువ త్రికోణాలు పెడితే ఇంకా స్పష్టంగా దొరుకుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఎక్కువ పెట్టిన కొద్దీ కిందివి సన్నబడతాయి. ఒక హద్దు దాటాక 31.25 హెర్ట్జ్ ఎడంలో ఉన్న విలువల్లో ఒక్కటీ పడని త్రికోణాలు మిగులుతాయి. librosa అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అప్పుడు `Empty filters detected in mel frequency basis` అని హెచ్చరిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా ముందుకు పోతారు. ఆ హెచ్చరిక కనిపిస్తే ఆగి, త్రికోణాల సంఖ్య తగ్గించడమో ఫూరియర్ పరిమాణం పెంచడమో చేయాలి.

దీనికన్నా లోతైన ఇబ్బంది పిల్లల గొంతుతో వస్తుంది. 125 హెర్ట్జ్ గొంతులో దాదాపు ప్రతి త్రికోణంలోనూ ఒక హార్మోనిక్ అయినా పడుతుంది. అదే 300 హెర్ట్జ్ శ్రుతిలో మాట్లాడే చిన్నపిల్లను తీసుకోండి. హార్మోనిక్స్ 300, 600, 900 దగ్గర ఉంటాయి. అయిదో త్రికోణం 317 నుంచి 526 వరకు ఉంది. అందులో ఒక్క హార్మోనిక్ కూడా లేదు. నాలుగోది 300ను పట్టుకుంటుంది, ఆరోది 600ను పట్టుకుంటుంది, మధ్యది దాదాపు ఖాళీ. నోటి ఆకారం వల్ల వచ్చిన లోయ కాదది, శ్రుతి వల్ల వచ్చింది. యంత్రానికి ఆ తేడా తెలియదు. పెద్దవాళ్ల గొంతులతో నేర్చిన వ్యవస్థలు పిల్లల మాట దగ్గర తడబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పిల్లల గొంతులో ఫార్మెంట్లు కూడా పైకి జరిగి ఉండటం మరొకటి.

నాలుగో మెట్టు: లాగరిథమ్

నాకు అన్నిటిలోకీ అందమైన మెట్టు ఇది. చేసేది ఒక్కటే, 26 అంకెల్లో ప్రతిదాని సంవర్గమానం తీయడం. ఫలితం మాత్రం చాలా పెద్దది.

ఒకాయన మైకుకు రెట్టింపు దూరం జరిగారనుకుందాం. తరంగం ఎత్తు సగమవుతుంది, శక్తి నాలుగో వంతు అవుతుంది. ఒక త్రికోణంలో 1,000 ఉన్నది 250 అయింది, మరోదానిలో 4,000 ఉన్నది 1,000 అయింది. ఒకచోట 750 తగ్గింది, ఇంకోచోట 3,000 తగ్గింది. పోల్చడం కష్టం. లాగ్ తీసి చూడండి. 1,000కి 6.908, 250కి 5.521. తేడా 1.386. 4,000కి 8.294, 1,000కి 6.908. తేడా మళ్లీ 1.386. దూరం జరగడమనేది ఇప్పుడు 26 అంకెల్లోంచీ ఒకే సంఖ్యను తీసివేయడం అయిపోయింది. వంపు ఆకారం చెక్కుచెదరలేదు.

గుణకారం కూడికగా మారడమే ఇందులోని కీలకం. మైకు స్వభావం కూడా గుణకారమే. చవక మైకు కొన్ని పౌనఃపున్యాలను పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. లాగ్ తర్వాత అది ప్రతి ఫ్రేములోనూ ఒకే విధంగా కలిసిన స్థిరమైన మొత్తం అవుతుంది. రికార్డింగు మొత్తానికి సగటు తీసి ప్రతి ఫ్రేములోంచి తీసేస్తే మైకు ముద్ర చాలావరకు పోతుంది. ఒక ఫోన్‌లో నేర్చిన వ్యవస్థను ఇంకో ఫోన్‌లో వాడగలగడంలో ఈ చిన్న తీసివేతకు పెద్ద వాటా ఉంది.

నష్టం వైపు కూడా చూడాలి. గది చప్పుడు గుణకారం కాదు, కూడిక. అది లాగ్‌కు లొంగదు. ఫ్యాను, రోడ్డు మోత కలిసి ప్రతి త్రికోణంలో 1,000 చేర్చాయనుకోండి. 1,00,000 ఉన్న బలమైన త్రికోణంలో లాగ్ 11.51 నుంచి 11.52కి మాత్రమే మారుతుంది. 10 ఉన్న బలహీనమైన త్రికోణంలో 2.3 నుంచి 6.9కి ఎగిరిపోతుంది. ఫార్మెంట్ల మధ్య ఉన్న లోయలన్నీ పూడిపోతాయి. ‘ళ’ తెచ్చిన మూడో ఫార్మెంట్ జారుడు కనిపించేది ఆ లోయల పక్కనే. నిశ్శబ్దమైన గదిలో ‘కళ’ను సరిగ్గా విన్న యంత్రం సంతలో ‘కల’ అని రాసిందంటే ముందుగా అనుమానించవలసిన చోటు ఇది. ఎలా తెలుసుకోవాలంటే, 26 లాగ్ విలువలను కాలంతో పాటు బొమ్మగా గీసి చూడాలి. శుభ్రమైన రికార్డింగులో ఫార్మెంట్లు చీకట్లో వెలుగు గీతల్లా ఉంటాయి, చప్పుడున్న దానిలో ఆ చీకటి బూడిదరంగుకు తిరుగుతుంది.

ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. పూర్తి నిశ్శబ్దంలో శక్తి సున్నా అయితే లాగ్ ఋణ అనంతం అవుతుంది, ఆపైన లెక్కలన్నీ చెడిపోతాయి. అందుకని లాగ్ తీసేముందు ప్రతి విలువకూ ఓ అతిచిన్న అడుగుమట్టం పెడతారు.

అయిదో మెట్టు: కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్

26 లాగ్ విలువలు చేతిలో ఉన్నాయి. కానీ త్రికోణాలు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి కాబట్టి పక్కపక్క విలువలు కలిసి లేస్తాయి, కలిసి పడతాయి. ఒకటి చెప్పిందే ఇంకొకటి మళ్లీ చెబుతుంది. అప్పటి గుర్తింపు వ్యవస్థల్లోని సంఖ్యాశాస్త్ర నమూనాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేని అంకెలు కావాలి. దానికి వాడినదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దీన్ని 1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు కలిసి ప్రచురించారు. ఈ రావు కామిశెట్టి రామమోహన రావు, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ఆచార్యులుగా పనిచేసినవారు. జేపీఈజీ ఫొటోలు కుదించేదీ ఇదే లెక్కతో.

పని ఎలా జరుగుతుందో చూడటానికి 26 బదులు నాలుగే త్రికోణాలున్నాయనుకుందాం. ఒక అచ్చుకు లాగ్ విలువలు 8, 6, 4, 2 వచ్చాయి. కింద బలం, పైన నీరసం. ‘స’కు 2, 4, 6, 8 వచ్చాయి. బుసకొట్టే ధ్వని కదా, బలమంతా పైన. సున్నా గుణకం అంటే ఉట్టి మొత్తం. రెండింటికీ 20. మొదటి గుణకానికి 0.924, 0.383, మైనస్ 0.383, మైనస్ 0.924 అనే కొసైన్ విలువలతో వరసగా గుణించి కూడాలి. అచ్చుకు 6.31 వస్తుంది, ‘స’కు మైనస్ 6.31. శక్తి కింద ఉందా పైన ఉందా అన్న సంగతి ఒక్క అంకెలోకి వచ్చేసింది.

ఇప్పుడు మైకుకు దూరం జరగండి. నాలుగు విలువల్లోంచీ 1.386 తీసేయండి. సున్నా గుణకం 20 నుంచి 14.46కి పడుతుంది. మొదటి గుణకం కదలదు, 6.31గానే ఉంటుంది, ఎందుకంటే ఆ నాలుగు కొసైన్ విలువల మొత్తం సున్నా. గట్టిగా అన్నా, మెల్లగా అన్నా ఆ మార్పంతా సున్నా గుణకంలోనే పడిపోతుంది, మిగతావి అక్షరం గురించే మాట్లాడతాయి.

రెండో గుణకం మధ్యభాగాన్ని అంచులతో పోలుస్తుంది. మూడోది ఇంకా సన్నని అలను చూస్తుంది. ఇలా పైకి పోయిన కొద్దీ వంపులోని చిన్న చిన్న అలలు పట్టుబడతాయి. నోటి ఆకారం గీసే వంపు నునుపైనది, మొదటి డజను గుణకాల్లోనే దాదాపుగా ఒదిగిపోతుంది. హార్మోనిక్స్ వదిలిన సన్నని అలలు పై గుణకాల్లో చేరతాయి. కాబట్టి మొదటి 13 ఉంచుకుని మిగతా 13 పారేస్తారు. శ్రుతి వెళ్లిపోయేది ఈ కోతతోనే. 400 శాంపిళ్లు 257 విలువలై, అవి 26 అయి, చివరకు 13 అయ్యాయి.

శ్రుతిని పారేయడం తెలుగుకు పెద్ద నష్టం కాదు. చైనీస్‌లో శ్రుతి మారితే మాట అర్థమే మారుతుంది, మనకు అలా కాదు. కానీ ‘వచ్చాడు’ అని చెప్పడానికీ ‘వచ్చాడు?’ అని అడగడానికీ మధ్య తేడా శ్రుతిలోనే ఉంది. ఈ 13 అంకెలు రాతకు సరిపోతాయి, ప్రశ్నార్థకం పెట్టడానికి చాలవు. ఆ పని కావలసినవారు శ్రుతిని విడిగా కొలిచి పక్కన చేర్చుకోవాలి.

ఫ్రేములో లేనిది

ఒక్క ఫ్రేము చూసి ‘పలు’ అన్నారో ‘పాలు’ అన్నారో చెప్పలేం. హ్రస్వమైనా దీర్ఘమైనా 25 మిల్లీసెకన్ల ముక్కలో 13 అంకెలు చాలావరకు ఒకేలా ఉంటాయి. అలాంటి ఫ్రేములు ఎన్ని వరసగా వచ్చాయన్నదే దీర్ఘాన్ని చెబుతుంది. హ్రస్వదీర్ఘాలతో అర్థాలు మారే తెలుగులో ఆ లెక్కను పట్టుకోవలసిన బాధ్యత తర్వాతి దశలో ఉన్న గుర్తింపు నమూనాది.

‘కళ’ విషయంలోనూ అసలు ఆనవాలు కదలికే. మూడో ఫార్మెంట్ ఎక్కడుంది అన్నదానికన్నా దిగుతోందా అన్నది ముఖ్యం. అందుకే ప్రతి గుణకం చుట్టుపక్కల ఫ్రేముల్లో ఎంత మారుతోందో లెక్కించి మరో 13 అంకెలు, ఆ మార్పు ఎంత మారుతోందో లెక్కించి ఇంకో 13 చేరుస్తారు. మొత్తం 39. పాత గుర్తింపు వ్యవస్థల గురించి చదివినప్పుడు పదేపదే ఎదురయ్యే 39 అన్న సంఖ్య ఇదే.

ఫోన్ కాల్‌లో ఇంకో దెబ్బ తగులుతుంది. సంప్రదాయ టెలిఫోన్ శబ్దం సెకనుకు 8,000 శాంపిళ్లే, అంటే 4,000 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. మన 26 త్రికోణాల్లో ఆరింటి శిఖరాలు ఆ గీతకు పైనే ఉన్నాయి. ‘స’, ‘శ’ల బుసలో చాలా భాగం అక్కడే ఉంటుంది. ‘ళ’ జారుడు 2,000 దగ్గర కాబట్టి బతికిపోతుంది. అలాంటి రికార్డింగును 16,000కి సాగదీసి వాడితే పై త్రికోణాలు ఖాళీగా మిగిలి, అవి కొసైన్ లెక్కలో 13 అంకెలనూ చెడగొడతాయి. కొసైన్‌లో ప్రతి గుణకం అన్ని త్రికోణాలనూ కలుపుతుంది కదా. లాగ్ దశలో ఆరు గడులకే పరిమితమైన లోపం, కొసైన్ తర్వాత అన్నిచోట్లకూ పాకుతుంది.

ఆ కారణం కూడా తోడై, న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాక చాలామంది అయిదో మెట్టు దిగడం మానేశారు. నెట్‌వర్కుకు అంకెల మధ్య సంబంధాలు అడ్డు కావు, అవే దానికి ఆధారం. అందుకని లాగ్ విలువలను అలాగే ఇచ్చేస్తున్నారు, త్రికోణాలు కూడా 80 దాకా పెడుతున్నారు. నా ఉద్దేశంలో ఇది సరైన మార్పే. అయితే 25 మిల్లీసెకన్ల ఫ్రేము, 10 మిల్లీసెకన్ల అడుగు, మెల్ త్రికోణాలు, లాగ్ మాత్రం చాలా వ్యవస్థల్లో అలాగే ఉన్నాయి. చిన్న పరికరాల్లో, తక్కువ రికార్డింగులతో చేసే పనుల్లో 13 అంకెలు ఇప్పటికీ చక్కగా పనికొస్తున్నాయి.

వీటితో పని మొదలుపెట్టేవారు ఒక్క జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోవాలి. ఎంఎఫ్‌సీసీ అన్నది పేరుకు ఒకటే, సాఫ్ట్‌వేర్‌ను బట్టి అంకెలు వేరు. librosa తనంత తానుగా శబ్దాన్ని 22,050 శాంపిళ్లకు మారుస్తుంది, 2,048 శాంపిళ్ల ఫ్రేము తీస్తుంది, 128 త్రికోణాలు పెడుతుంది, 20 గుణకాలు ఇస్తుంది, ప్రీ-ఎంఫసిస్ చేయదు. ఇక్కడ చెప్పిన కొలతలు కావాలంటే ఒక్కొక్కటీ మనమే ఇవ్వాలి. ఒక కొలతతో నేర్పి ఇంకో కొలతతో పరీక్షిస్తే ఏ తప్పూ తెరమీద కనిపించదు, ఫలితాలు మాత్రం దారుణంగా ఉంటాయి. ఒకే రికార్డింగును రెండు దారుల్లోనూ నడిపి మొదటి ఫ్రేము 13 అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

తెలుగు మాటల నిధులు పోగుచేస్తున్న విద్యార్థులకూ, సంస్థలకూ ఒక విన్నపం. స్థలం ఆదా అవుతుందని 13 అంకెలు మాత్రమే దాచి అసలు శబ్దాన్ని చెరిపేయకండి. కనీసం 16,000 శాంపిళ్లతో, నాణ్యత తగ్గించకుండా, మూల రికార్డింగును ఉంచండి. పక్కనే ఫ్రేము, అడుగు, త్రికోణాల సంఖ్య, వాడిన సాఫ్ట్‌వేర్ పేరు రాసిపెట్టండి. శబ్దం ఉంటే అంకెలను ఎప్పుడైనా మళ్లీ తీయవచ్చు. అంకెల్లోంచి పోయిన శ్రుతిని మాత్రం తిరిగి తేలేం.